ఒంగోలు బొటిక్ అద్దె తగ్గింపు ఉత్తరం: ఒక కేస్ స్టడీ

ఒంగోలులో కర్నూలు రోడ్డుకి ఆనుకుని ఉన్న ఒక వీధిలో, మొదటి అంతస్తులో ఉంది ఈ బొటిక్. దాదాపు 420 చదరపు అడుగులు. ముందు భాగంలో కౌంటరు, ట్రయల్ రూము. వెనక రెండు మగ్గాలు, మూడు కుట్టు మిషన్లు. నడిపే ఆవిడ నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నారు. పనిలో ముప్పాతిక వంతు పెళ్ళి బ్లౌజుల మగ్గం వర్కే. మిగతాది లంగా ఓణీలు, ఫాల్, పీకో. బిల్డింగ్ ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. కింద అంతస్తు మెడికల్ షాపుకి ఇచ్చారు. పెన్షనుకి తోడు ఈ రెండు అద్దెలే ఆయన ఆదాయం.

నేను చిన్న షాపులకి లెక్కలు రాస్తాను. అగ్రిమెంట్లు, ఓనర్లకి ఉత్తరాలు కూడా చివరికి నా బల్ల మీదకే వస్తుంటాయి. ఈ కేసు వివరాలు ఆవిడకి చెప్పే రాస్తున్నాను. మనిషినీ వీధినీ గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను.

2025 డిసెంబరు ఆఖరున ఆవిడ ఫోన్లో ఒక మెసేజ్ టైపు చేసి, పంపే ముందు ఒకసారి చూడమన్నారు. అది ఇలా ఉంది: "మాస్టారూ, బిజినెస్ అస్సలు లేదు, 22 వేలు కట్టలేకపోతున్నాను. వచ్చే నెల నుంచి 11 వేలు వేస్తాను, దయచేసి ఏమీ అనుకోవద్దు."

సగం అడిగితే బేరంలో పదిహేనుకి వస్తారన్నది ఆవిడ లెక్క. ఆ లెక్క సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మెసేజ్‌లో ఉన్న ప్రమాదం చూడాలి. "11 వేలు వేస్తాను" అంటే అడిగినట్టు కాదు, చెప్పినట్టు. ఓనరు దానికి జవాబివ్వకుండా ఊరుకుని, నెలనెలా 11 వేలు తీసుకుంటూ పోయారనుకోండి. అద్దె తగ్గినట్టు కాదు. మిగతా 11 వేలు ప్రతి నెలా బాకీగా పేరుకుంటుంది. అద్దె బాకీ వసూలుకి దావా వేయడానికి మూడేళ్ళ గడువు ఉంటుంది. ఏడాది తర్వాత మనస్పర్థ వచ్చి ఆయన 1,32,000 అడిగితే, "కట్టలేకపోతున్నాను" అని ఆవిడే రాసిన మెసేజ్ ఆయన చేతిలో సాక్ష్యం. పైగా ఆ బాకీని అడ్వాన్సులోంచి తీసుకుంటానని అన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండోది, అగ్రిమెంట్ పరిస్థితి. చివరి అగ్రిమెంట్ 11 నెలలది, 2024 సెప్టెంబరు నుంచి 2025 జూలై వరకు. అది అయిపోయాక మళ్ళీ రాసుకోలేదు. ఆగస్టులో నోటిమాటగా అద్దె 20 వేల నుంచి 22 వేలకి పెరిగింది, అంతే. మన బజార్లలో సగం షాపులు ఇలాగే నడుస్తాయి. కానీ కాగితం లేనప్పుడు చట్టం దాన్ని నెలవారీ అద్దెగా చూస్తుంది. ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో ఓనరు ఖాళీ చేయమనవచ్చు. అంటే తగ్గించమని అడిగే ఉత్తరమే కోపం తెప్పిస్తే, మగ్గాలు మోసుకుని పోవాల్సింది ఆవిడే. వ్యాపారం మందగించింది కాబట్టి అద్దె తగ్గించాల్సిందేనని ఏ చట్టమూ చెప్పదు. అగ్ని ప్రమాదం, వరద లాంటివి వచ్చి షాపు వాడుకోవడానికి పనికిరాకుండా పోతే 108వ సెక్షన్ కొంత ఆసరా ఇస్తుంది గానీ, గిరాకీ పడిపోతే కాదు. కాబట్టి ఇది హక్కుగా అడిగేది కాదు, ఒప్పించి తెచ్చుకునేది. ఉత్తరమంతా ఈ ఎరుకతో రాయాలి.

మెసేజ్ ఆపించి, బిల్లు బుక్కులు తెమ్మన్నాను.

అద్దె తగ్గించమని అడిగేవాళ్ళు దాదాపు అందరూ పోయిన నెలతో ఈ నెలని పోలుస్తారు. బట్టల వ్యాపారంలో ఆ పోలిక దేనికీ పనికిరాదు. ఆషాఢంలో గిరాకీ ఎప్పుడూ ఉండదు, శ్రావణంలో ఎప్పుడూ ఉంటుంది. పోల్చాల్సింది పోయిన ఏడాది అవే నెలలతో. 2024 అక్టోబరు, నవంబరు, డిసెంబరు బిల్లులు 1,62,000, 1,71,000, 1,47,000. మొత్తం 4,80,000. 2025లో అవే మూడు నెలలు 1,38,000, 96,000, 66,000. మొత్తం 3,00,000. సగటున నెలకి లక్షా అరవై వేల నుంచి లక్షకి పడింది. అద్దె పోయిన ఏడాది బిల్లుల్లో 12.5 శాతం ఉంటే, ఈసారి 22 శాతం అయింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. బొటిక్‌లో బిల్లు ఆర్డరు తీసుకున్న రోజున రాస్తారా, బ్లౌజు ఇచ్చిన రోజున రాస్తారా? ఈవిడ ఆర్డరు రోజున అడ్వాన్సు చీటీ, డెలివరీ రోజున బిల్లు రాస్తారు. రెండేళ్ళూ అదే పద్ధతి కాబట్టి పోలిక నిలిచింది. మధ్యలో పద్ధతి మారితే అంకెలు అబద్ధం చెబుతాయి. ఎదుటి మనిషి లెక్కల మాస్టారైతే ఆ అబద్ధం దొరికిపోతుంది కూడా.

తర్వాత, ఎంత అద్దె భరించగలరో తేల్చాం. జరీ, పూసలు, కుందన్లు, దారం, పీస్ రేటు కూలీలు పోగా బిల్లులో దాదాపు 35 శాతం మిగులుతుంది. మూడు నెలల సగటు లక్ష కాబట్టి నెలకి 35,000. అందులో హెల్పరు అమ్మాయి జీతం 9,000, కరెంటు 4,000, మగ్గం వర్కర్లు ఉండే గది అద్దె 5,000, మొత్తం 18,000 తప్పనివి. ఇక షాపు అద్దెకి మిగిలేది 17,000. ఆవిడ సొంత కష్టానికి అందులో రూపాయి లేదు. 22,000 కడితే నెలకి 5,000 చేతి నుంచి పడుతుంది. డిసెంబరులో అయితే దాదాపు 17,000 పడింది.

దీంతో 11 వేల మాట వెనక్కి పోయింది. సగం అడగడానికి లెక్కలో ఆధారం లేదు. ఆధారం లేని అంకె అడిగితే బేరంలో మనమే ముందు పలచనవుతాం, "ఊరికే అడిగి చూస్తోంది" అనిపించుకుంటాం. 16,000 అడుగుదాం, 17,000 దగ్గర ఆగుదాం, అది దాటితే సంతకం పెట్టవద్దు అని నిర్ణయించుకున్నాం.

ఎన్నాళ్ళకి అడగాలన్నది ఎంత అడగాలన్న దానికంటే పెద్ద ప్రశ్న. ఓనర్లు భయపడేది తగ్గింపుకి కాదు. ఒకసారి తగ్గించాక మళ్ళీ పెంచలేమని. కాబట్టి ఉత్తరంలో తగ్గింపు మొదలయ్యే నెలా, ముగిసే నెలా రెండూ ఉండాలి. ముగిసే నెలకి ఒక కారణం కూడా ఉండాలి. ఈ కేసులో ఆ కారణం పంచాంగంలో ఉంది. 2025 నవంబరు చివరి వారంలో మొదలైన శుక్ర మౌఢ్యమి 2026 ఫిబ్రవరి మూడో వారం దాకా సాగుతుంది. పెళ్ళిళ్ళు లేవు. ఆ తర్వాత వేసవి ముహూర్తాలు అందుకున్నా, మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠ మాసం. ఆపైన నిజ జ్యేష్ఠం ఒక్క నెల, వెంటనే ఆషాఢం. ఆగస్టు రెండో వారంలో శ్రావణం వస్తే గానీ గిరాకీ నిలకడగా ఉండదు. అందుకే ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆరు నెలలు అడిగాం. పంచాంగం చూసే ఇంట్లో ఈ మాట వేరే రుజువు అడగదు.

పొగాకు సంగతి ఉత్తరంలో పెట్టాలా వద్దా అని కొంత వాదన జరిగింది. 2025లో నల్ల బర్లీ కొనేవాళ్ళు లేక ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌తో కొనిపించిన సంగతి జిల్లా అంతటికీ తెలుసు. ఆవిడ ఖాతాదారుల్లో పొగాకు ఇళ్ళ వాళ్ళు చాలామంది. ఐదు వేల వర్కు చేయించుకునే ఇంట్లో ఈసారి పదిహేను వందల వర్కుతో సరిపెట్టారని ఆవిడ చీటీలు చూపించారు. కానీ పొగాకు ధర గురించి పేరా రాస్తే అది పేపరు వార్తలా ఉంటుంది. ఒక్క వాక్యం ఉంచి మిగతాది తీసేశాను. ఓనరుకి తెలిసిన విషయాన్ని ఓనరుకే వివరించడం అనవసరం.

ఇక అటువైపు లెక్క. ఆవిడ ఖాళీ చేస్తే మాస్టారికి ఏమవుతుంది? ఎదురు బిల్డింగులో ఇంచుమించు ఇంతే ఉన్న మొదటి అంతస్తు దసరా నుంచి టులెట్ బోర్డుతో ఉంది. అడుగుతున్నది 18,000. ఈ షాపు మూడు నెలలు ఖాళీగా ఉన్నా 66,000 పోతుంది. రంగులు, బ్రోకరు అదనం. మనం అడిగే ఆరు నెలల తగ్గింపు మొత్తం 36,000. అన్నిటికంటే బరువైనది మరొకటి ఉంది: అడ్వాన్సు 1,10,000. ఖాళీ చేసిన రోజున అది ఆయన తిరిగి ఇవ్వాలి. అడ్వాన్సు డబ్బు ఎవరూ బీరువాలో దాచి ఉంచరు.

ఈ లెక్కల్లో ఒక్కటీ ఉత్తరంలో రాయలేదు. ఎదురు షాపు ఖాళీగా ఉందన్న మాట రాస్తే బెదిరింపులా ఉంటుంది. అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సిన మాట ఎత్తితే వెళ్ళిపోవడానికి సిద్ధపడ్డట్టు ఉంటుంది. రోజూ బాల్కనీలోంచి ఆ బోర్డు చూసే మనిషికి మనం చెప్పాల్సిన పని లేదు. ఉత్తరంలో రాయాల్సింది దాని రెండో కొస: "నేను ఉంటాను." ఎన్నాళ్ళు ఉంటారో కాగితం మీద చెప్పడమే ఆవిడ ఇవ్వగలిగినది. అది కూడా 11 నెలలకే పరిమితం చేశాం. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు. రిజిస్టరు చేయకుండా రెండేళ్ళు ఉంటానని రాసుకుంటే ఆ మాట కోర్టులో ఇద్దరికీ అక్కరకు రాదు.

ఉత్తరం ఇచ్చే ముందు ఒక పని చేయించాను. జనవరి అద్దె 22,000 పూర్తిగా, నెల మొదట్లోనే కట్టించాను. చీటీ డబ్బులోంచి తీసి కట్టారు, బాధపడుతూనే. బాకీ ఉన్న మనిషి తగ్గింపు అడిగితే అది ఎగవేతకి ముందుమాటలా వినిపిస్తుంది. బాకీ లేని మనిషి అడిగితేనే అభ్యర్థన.

ఇదీ చివరికి ఇచ్చిన ఉత్తరం. ఊరు, తేదీ, సంతకం మామూలే.

"మాస్టారు గారికి నమస్కారాలు.

విషయం: షాపు అద్దెలో 2026 ఫిబ్రవరి నుంచి జూలై వరకు తాత్కాలిక తగ్గింపు కోరుతూ.

నాలుగేళ్ళుగా మీ బిల్డింగులో మొదటి అంతస్తులో బొటిక్ నడుపుకుంటున్నాను. ఈ ఉత్తరం రాసే నాటికి జనవరి అద్దెతో సహా మీకు నేను బాకీ ఏమీ లేను.

ఈ ఏడాది ముహూర్తాలు తక్కువ కావడం వల్ల, పల్లెల్లో పొగాకు డబ్బు సరిగా చేతికి రాకపోవడం వల్ల నా పని బాగా తగ్గింది. 2024లోనూ, 2025లోనూ అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల బిల్లుల మొత్తాలు వెనక పేజీలో రాశాను. బిల్లు బుక్కులు కూడా తెచ్చాను, మీరు చూడవచ్చు.

ప్రస్తుతం నెల అద్దె రూ. 22,000. దీన్ని ఫిబ్రవరి నుంచి జూలై వరకు ఆరు నెలలు మాత్రం రూ. 16,000 చేయమని కోరుతున్నాను. ఆగస్టు నుంచి మళ్ళీ రూ. 22,000 కడతాను. ఆగస్టులో శ్రావణం వస్తుంది, అప్పటికి పని కుదుటపడుతుందని నా నమ్మకం. ఫిబ్రవరి మూడో వారం తర్వాతి పెళ్ళిళ్ళకి ఇప్పటికే తీసుకున్న ఆర్డర్ల చీటీలు కూడా జతచేశాను.

మీరు ఒప్పుకుంటే ఫిబ్రవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు కొత్తగా 11 నెలల అగ్రిమెంట్ రాసుకుందాం. ఆ గడువులోగా నేను ఖాళీ చేయను. ప్రతి నెలా 5వ తేదీలోపు అద్దె మీ ఖాతాలో వేస్తాను. అడ్వాన్సు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

మీ నిర్ణయం తెలిసే వరకు పాత అద్దె ప్రకారమే కడతాను. ఈ విషయం మన ఇద్దరి మధ్యనే ఉంటుంది."

చివరి పేరాలో మొదటి వాక్యం గురించి ఆవిడకి అభ్యంతరం ఉంది. "అలా రాస్తే ఆయన నిర్ణయం చెప్పకుండా నాన్చరా?" అన్నారు. నాన్చవచ్చు. కానీ ఆ వాక్యం లేకపోతే ఉత్తరం మళ్ళీ "ఇంతే కడతాను" అన్న మెసేజ్‌లాగే అవుతుంది. నాన్చుడుకి మందు ఉత్తరంలో కాదు, ఉత్తరం ఇచ్చే తేదీలో ఉంది. ఫిబ్రవరి అద్దె 5లోపు కట్టాలి. జనవరి మూడో వారంలో ఇస్తే ఆయనకి రెండు వారాల సమయం ఉంటుంది, ఆ తర్వాత అడగడానికి మనకొక సహజమైన సందర్భం ఉంటుంది.

రెండో వాక్యం కింద మెడికల్ షాపు గురించి. వాళ్ళకి తెలిస్తే వాళ్ళూ అడుగుతారన్నది ఓనరుకి మొదట తట్టే ఆలోచన. మనమే ముందు చెబితే ఆ గుబులు సగం పోతుంది.

కనుమ వెళ్ళాక, మంగళ, శుక్రవారాలు కాకుండా చూసుకుని, సోమవారం పొద్దున వెళ్ళారు. శుక్రవారం పూట డబ్బు తగ్గించమని ఇంటికి వెళ్తే లోపల అమ్మగారి ముఖం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఉత్తరం రెండు కాపీలు. ఒకటి ఆయనకి, రెండోదాని మీద "అందినది" అని సంతకం, తేదీ. ముందు మాట కలిపి, కాఫీ అయ్యాకే కాగితం తీయమని చెప్పాను. వాట్సాప్‌లో పంపితే పదిమందికి ఫార్వర్డ్ అవడానికి క్షణం పట్టదు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, వెనక పేజీ అంకెలు తానే మళ్ళీ కూడారట. పెన్సిలుతో ప్రతి అంకె పక్కనా టిక్కు పెట్టారు. ఆ కాపీ తర్వాత నేను చూశాను. 37.5 శాతం తగ్గుదల అని ఆయనే మార్జిన్లో వేసుకున్నారు. మేం శాతం రాయలేదు. బిల్లు బుక్కు తిరగేస్తూ ఒకచోట ఆగి, "ఈ పెద్ద ఆర్డరు డిసెంబరు చీటీలో ఉంది, బిల్లులో లేదే అమ్మాయ్?" అన్నారు. ఫిబ్రవరి పెళ్ళిది, డెలివరీ ఇవ్వలేదు అని ఆవిడ చెప్పగలిగారు. పద్ధతి ముందే మాట్లాడుకుని ఉండకపోతే అక్కడ తడబడేవారు.

ఆయన అడిగిన రెండో ప్రశ్న గట్టిది. "మూఢం పోయాక కూడా గిరాకీ రాకపోతే? ఆన్‌లైన్లో రెడీమేడ్ వర్కు బ్లౌజులు వస్తున్నాయిగా, మా కోడలే కొంటోంది." ఇలాంటి ఉత్తరాల బలహీనత ఇక్కడే ఉంటుంది. మాంద్యం తాత్కాలికమైతే తాత్కాలిక తగ్గింపు పనిచేస్తుంది. వ్యాపారం తీరే మారిపోతుంటే ఆరు నెలల తగ్గింపు ఆరు నెలల వాయిదా మాత్రమే. అప్పుడు చిన్న షాపుకి మారడమో, వర్కు ఇంటి నుంచి చేసి ముందు గది మాత్రం ఉంచుకోవడమో ఆలోచించాలి. తేడా తెలియాలంటే ఆర్డర్ల సంఖ్యనీ, ఒక్కో ఆర్డరు విలువనీ విడదీసి చూడాలి. ఈవిడ చీటీల్లో నవంబరు మొదటి మూడు వారాల్లో ఆర్డర్ల సంఖ్య పోయిన ఏడాదికి కాస్త తక్కువ, అంతే. విలువ మాత్రం బాగా తగ్గింది. మనుషులు వస్తున్నారు, తక్కువ వర్కు చేయించుకుంటున్నారు. ఆ తర్వాత మూఢం వచ్చాకే మనుషులూ తగ్గారు. మనుషులే రావడం మానేసి ఉంటే నేను ఈ ఉత్తరం రాయించేవాడిని కాను, షాపు మార్చమనేవాడిని. ఆవిడ మాస్టారికి ఇంత వివరం చెప్పలేదు. ఫిబ్రవరి ఆర్డర్ల చీటీలు తీసి ముందు పెట్టారు. "పదహారు కుదరదమ్మా, ఆలోచించి చెబుతాను" అని పంపేశారు.

జనవరి ఆఖరి వారంలో ఆయనే ఫోన్ చేశారు. నెలకి 17,000. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలు. జూన్, జూలైలకి ఏప్రిల్, మే బిల్లులు చూసి అప్పుడు చెబుతానన్నారు. రెండు షరతులు పెట్టారు. అగ్రిమెంట్లో అద్దె 22,000 అనే ఉండాలి. ఆవిడ మధ్యలో ఖాళీ చేస్తే తగ్గించిన డబ్బంతా తిరిగి కట్టాలి.

మొదటి షరతు వినగానే ఆవిడకి టెన్షన్ మొదలైంది. అగ్రిమెంట్లో 22,000 ఉంటే రేపు అదే అడుగుతారు కదా అని. నిజానికి ఓనరుకి అది న్యాయమైన కోరికే. షాపు అద్దె కాగితం మీద పడిపోతే అమ్మేటప్పుడు, లోను పెట్టేటప్పుడు బిల్డింగు విలువా పడిపోతుంది. వచ్చే పెంపుకి లెక్క వేసేదీ ఆ అంకె మీదే. దీనికి దారి ఉంది. అగ్రిమెంట్లో అద్దె 22,000 అని రాసి, దాని కిందే ఒక షరతుగా "2026 ఫిబ్రవరి నుంచి మే వరకు నెలకి రూ. 5,000 రిబేటు ఇవ్వబడింది. ఆ నెలలకు చెల్లించవలసిన అద్దె రూ. 17,000 మాత్రమే. రిబేటు మొత్తం బాకీ కాదు, తర్వాత వసూలు చేయబడదు" అని రాయించాను. "బాకీ కాదు" అన్న మాట లేకపోతే రిబేటుకీ వాయిదాకీ తేడా చెరిగిపోతుంది. ఆ మాట మాస్టారికీ మంచిదే. ఆదాయపు పన్ను రిటర్నులో చేతికి రాని 5,000ని రావాల్సిన అద్దెగా చూపించాల్సిన ఇబ్బంది ఉండదు.

రెండో షరతు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోలేదు. పది నెలలు ఉండి, చివరి నెలలో వెళ్ళినా మొత్తం 20,000 కట్టాలంటే అన్యాయం. ఆగస్టు 31లోపు ఖాళీ చేస్తే రిబేటు తిరిగి కట్టాలి, ఆ తర్వాత అయితే అక్కర్లేదు అన్న దగ్గర కుదిరింది. ఓనరు ఖాళీ చేయమంటే మాత్రం ఈ షరతు వర్తించదని ఒక వాక్యం చేర్చాం. ఆ వాక్యం ఆయన చదివి నవ్వి, "నేనెందుకు పొమ్మంటానమ్మా" అన్నారట. అలా అన్నవాళ్ళు సంతకం పెట్టడానికి వెనకాడరు. ఆయనా పెట్టారు.

ఆలస్యానికి కూడా ఒక షరతు వచ్చింది. 5వ తేదీ దాటితే ఆ నెలకి రిబేటు లేదు. దీనికి మేం అడ్డు చెప్పలేదు. బ్యాంకు సెలవులు వస్తే ఎలా అని ఆవిడ అడిగితే, 3వ తేదీకి ఫోన్లో రిమైండరు పెట్టుకోమన్నాను.

జీఎస్టీ మాట ఇక్కడ రాలేదు. ఆవిడ ఏడాది బిల్లులు 20 లక్షల లోపే, రిజిస్ట్రేషన్ లేదు. మీ షాపుకి జీఎస్టీ నంబరు ఉండి, ఓనరుకి లేకపోతే లెక్క మారుతుంది. 2024 అక్టోబరు 10 నుంచి అలాంటి షాపు అద్దె మీద 18 శాతం జీఎస్టీ అద్దెకున్నవాళ్ళే రివర్స్ ఛార్జి కింద కట్టాలి. చిన్న వ్యాపారులకి జీఎస్టీలో ఉన్న కాంపోజిషన్ స్కీములో చేరినవాళ్ళకి 2025 జనవరిలో మినహాయింపు వచ్చింది. ఆ పన్ను క్రెడిట్ తీసుకోలేని షాపుకి వెయ్యి రూపాయల తగ్గింపు 1,180కి సమానం. ఎంత అడగాలో తేల్చేటప్పుడు అది కూడా కలుపుకోవాలి.

స్టాంపు పేపరు మీద రెండు కాపీలు, ఇద్దరి సంతకాలు, సాక్షులుగా కింద మెడికల్ షాపు వాళ్ళని పెట్టకుండా మాస్టారి బంధువొకరు, ఆవిడ అన్నయ్య. ఫిబ్రవరి అద్దె 17,000 ఖాతాలో వేస్తూ వివరం దగ్గర "ఫిబ్రవరి అద్దె, రిబేటు పోను" అని రాయించాను. నాలుగు నెలలూ అలాగే రాయాలి. ఊరికే 17,000 వేస్తే పాస్‌బుక్కులో అది తక్కువ కట్టినట్టే కనిపిస్తుంది.

17,000 అద్దెతో ఆవిడ నష్టం లేకుండా నిలవాలంటే నెలకి లక్ష బిల్లు కావాలి. ఫిబ్రవరిలో సగం నెల మూఢమే కాబట్టి అది రాదని ముందే తెలుసు. మార్చి, ఏప్రిల్ దాన్ని పూడ్చాలి. జూన్, జూలై సంగతి మే నెలాఖరున తేలుతుంది. అప్పటికి ఆవిడ చేతిలో ఉండాల్సినవి 2025, 2026 ఏప్రిల్, మే బిల్లుల మొత్తాలు, ఆర్డర్ల సంఖ్య, ఒక్కో ఆర్డరు సగటు విలువ. ఆ పట్టిక కోసం కౌంటరు పక్కన ఒక నోటు పుస్తకం పెట్టించాను. రోజూ రాత్రి షట్టరు దించే ముందు ఆర్డర్లు ఎన్ని, మొత్తం ఎంత అని రెండు అంకెలు వేస్తున్నారు. బిల్లులు లక్షన్నర దాటితే జూన్, జూలైలకి రిబేటు అడగకుండా ఊరుకుందామని ఇద్దరం అనుకున్నాం. లక్షకి అటూ ఇటూగా ఉంటే అదే 17,000కి రెండో ఉత్తరం రాస్తాం. అది ఒక్క పేరా చాలు.